రెజ్యూమేలో ఉన్నదే మెయిల్లో మళ్లీ రాయకుండా: రాయగడ నుంచి విశాఖకు ఒక దరఖాస్తు

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాఖెముండి వైపు నుంచి విశాఖ, విజయనగరం, హైదరాబాద్ సంస్థలకు దరఖాస్తు పెట్టేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. “రెజ్యూమేలో అన్నీ రాశాను కదా, ఇక దానితో పంపే మెయిల్లో ఏమి రాయాలి?” జవాబు తోచక చాలామంది రెజ్యూమేనే వాక్యాలుగా మార్చి రాస్తారు. ఇంకొందరు బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో దొరికే తయారు మెయిల్లో పేరు మార్చి పంపిస్తారు. రెండింటిలోనూ అవతల చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఒకే దరఖాస్తును తీసుకుని, అందులోని మెయిల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఎలా తిరగరాయాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణలోని అమ్మాయి నేను కల్పించిన మనిషి. ఆమె పరిస్థితి మాత్రం మన సరిహద్దు జిల్లాల్లో ఏ వీధిలోనైనా కనిపించేదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కామర్స్ డిగ్రీ అయ్యాక రాయగడలో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో రెండేళ్లుగా బిల్లింగ్ చేస్తోంది. విశాఖలోని ఒక సరుకుల పంపిణీ సంస్థ ఇచ్చిన ప్రకటన ఆమె కంటపడింది.

ప్రకటన ఇలా ఉందనుకోండి: “బిల్లింగ్, డిస్పాచ్ సహాయకులు కావాలి. బీకాం చదివి, టాలీ వచ్చి ఉండాలి. దక్షిణ ఒడిశా డీలర్లతో రోజూ ఫోనులో మాట్లాడి ఆర్డర్లు తీసుకోవాలి. త్వరగా చేరగలవారికి ప్రాధాన్యం.”

ఆమె మొదట రాసుకున్న మెయిల్ ఇది:

“గౌరవనీయులైన సర్, మీ ప్రకటన చూసి బిల్లింగ్ సహాయకుల ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నేను ప్లస్ త్రీ కామర్స్ పూర్తి చేశాను. టాలీ, ఎక్సెల్, జీఎస్టీ తెలుసు. రాయగడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో రెండేళ్లుగా బిల్లింగ్ చూస్తున్నాను. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిష్ వచ్చు. కష్టపడే తత్వం, అందరితో కలిసి పనిచేసే గుణం ఉన్నాయి. అవకాశం ఇస్తే సంస్థ అభివృద్ధికి శక్తివంచన లేకుండా కృషి చేస్తాను. రెజ్యూమే జతచేశాను. దయచేసి పరిశీలించగలరు.”

ఇందులో అబద్ధం లేదు, మర్యాదకు లోటు లేదు. అయినా చదివినవారికి ఈమె గురించి ఏమీ తెలియదు.

దగ్గర ఉంచుకోవలసినవి

ప్రకటన పూర్తి పాఠం కావాలి, ఎవరో చెప్పిన సారాంశం చాలదు. ఫోనులో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే గడువు దాటగానే కొన్ని ప్రకటనలు కనిపించకుండా పోతాయి. రెజ్యూమే, పాత మెయిల్ రెండూ కాగితం మీద ప్రింటు తీసుకోండి. ఒక ఎర్ర పెన్ను ఉంచుకోండి. మెయిల్‌ను చివర్లో ఒకసారి చదివి పెట్టే మనిషి కావాలి. ఆ మనిషికి మీ రంగం తెలియకపోతే ఇంకా మంచిది. మొదటిసారి రాసేటప్పుడు ఒక సాయంత్రమంతా పట్టవచ్చు. ఆ తర్వాత ప్రతి ఉద్యోగానికీ అంత సమయం పట్టదు.

1. కొట్టివేతతో మొదలుపెట్టండి

రెజ్యూమేను ఎడమవైపు, మెయిల్‌ను కుడివైపు పెట్టుకోండి. మెయిల్లోని ఒక్కో వాక్యం చదివి, అదే సంగతి రెజ్యూమేలో ఉంటే ఎర్ర పెన్నుతో కొట్టేయండి. మాటలు వేరుగా ఉన్నా సంగతి ఒకటే అయితే కొట్టేయవలసిందే.

పై మెయిల్లో డిగ్రీ పోయింది, టాలీ పోయింది, దుకాణం పోయింది, భాషలు పోయాయి. మిగిలింది “కష్టపడే తత్వం”, “శక్తివంచన లేకుండా కృషి”. ఇవి రెజ్యూమేలో లేవు, నిజమే. కానీ ఈ మాటలు ఎవరైనా రాయగలరు, ఎవరూ కాదనలేరు. అందువల్ల వీటితో ఎవరికీ ఏ నిర్ణయానికీ రావడం కుదరదు. వీటినీ కొట్టేయండి.

కాగితమంతా ఎర్రగా మారితే కంగారు పడకండి. చాలామంది మొదటి మెయిల్ ఇలాగే తేలుతుంది. ఒకటి రెండు వాక్యాలు బతికితే వాటిని విడిగా రాసి పెట్టుకోండి, పనికొస్తాయి.

ఒక హెచ్చరిక. ఉద్యోగం పేరు, మీరు ఇప్పుడు చేస్తున్న పని, ఈ రెండూ రెజ్యూమేలో ఉన్నా మెయిల్లో ఒక్క వాక్యంలో చెప్పాలి. లేకపోతే చదివేవారికి మీరు ఎవరో అర్థం కాదు. పునరుక్తి తీసేయమన్నారని ఆ ఒక్క వాక్యాన్ని కూడా తీసేస్తే మెయిల్ తల లేని మొండెంలా తయారవుతుంది.

2. అవతలివారి సందేహం ఏమిటో రాయండి

ఇప్పుడు ప్రకటన తీసుకోండి. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు వారు అడిగిన ఒక్కో పని రాయండి. కుడివైపు, మీ రెజ్యూమే చూసినవారికి ఆ పని విషయంలో ఏ అనుమానం రావచ్చో రాయండి. మీరు విశాఖలో ఆ కుర్చీలో కూర్చుని, రాయగడ చిరునామా ఉన్న ఈ రెజ్యూమేను మొదటిసారి చూస్తున్నారని అనుకుని రాయాలి.

మన ఉదాహరణలో ఆ జాబితా ఇలా వస్తుంది. బీకాం అడిగారు: రెజ్యూమేలో ప్లస్ త్రీ అని ఉంది, అది డిగ్రీయేనా? టాలీ అడిగారు: చిన్న దుకాణంలో బిల్లు కొట్టడం వచ్చినంత మాత్రాన రాష్ట్రం దాటే సరుకు బిల్లులు చేయగలదా? డీలర్లతో మాట్లాడాలి అన్నారు: నాలుగు భాషలు వచ్చని రాసింది, కానీ ఒడియా ఎంతవరకు వచ్చు? త్వరగా చేరాలి అన్నారు: రాయగడ నుంచి వస్తుందా, వచ్చాక ఉంటుందా?

వీటిలో మొదటిది మెయిల్లో తేలవలసిన సంగతి కాదు. రెజ్యూమేలోనే దిద్దాలి. ఒడిశాలో ప్లస్ త్రీ అంటే మూడేళ్ల డిగ్రీ అని మనకు తెలుసు. ఆంధ్రలో చదివినవారికి తెలియకపోవచ్చు. కాబట్టి రెజ్యూమేలో “బీకాం (ప్లస్ త్రీ)” అని రాయండి. పదో తరగతి విషయంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. ఒడిశా బోర్డు పదో తరగతి పరీక్షను హెచ్‌ఎస్‌సీ అంటుంది. మహారాష్ట్రలో హెచ్‌ఎస్‌సీ అంటే పన్నెండో తరగతి. పుణె, ముంబై సంస్థలకు పంపేటప్పుడు “పదో తరగతి” అని స్పష్టంగా రాయకపోతే మీ సంవత్సరాల లెక్క వారికి తప్పుగా కనిపిస్తుంది. సిరొంచ, చంద్రపూర్ వైపు తెలుగువారికి ఇదే తిరగబడి వస్తుంది. వారు పన్నెండో తరగతికి రాసే హెచ్‌ఎస్‌సీని ఒడిశాలో పదో తరగతి అనుకునే అవకాశం ఉంది.

మిగిలిన మూడు అనుమానాలకు రెజ్యూమేలో జవాబు పట్టదు. మెయిల్‌కు పని దొరికింది ఇక్కడే. రెజ్యూమే మీ దగ్గర ఏముందో చెబుతుంది. అది ఈ ఉద్యోగంలో ఎలా అక్కరకొస్తుందో మెయిల్ చెప్పాలి.

అనుమానాలు ఐదారు వచ్చినా మూడు మించి ఎంచుకోవద్దు. అన్నిటికీ జవాబు చెప్పబోతే మెయిల్ సంజాయిషీలా తయారవుతుంది.

3. ఒక్క సంఘటన వెతకండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఈ మెట్టే, తొందరపడకండి. మీ పనిలో ఏదో ఒక చోట తేడా గమనించి, దాన్ని మీరు సరిచేసిన సందర్భం కావాలి. పెద్దది కానక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏమి చెడుతూ ఉండేది? మీకు ఎలా తెలిసింది? మీరు ఏమి చేశారు? ఆ తర్వాత ఏమి మారింది?

మన అమ్మాయిని అడిగితే మొదట “నేను అలాంటివి ఏమీ చేయలేదండీ, బిల్లులు కొట్టడమే” అంటుంది. అందరూ అదే అంటారు. “మీ బిల్లులు ఎప్పుడైనా వెనక్కి వచ్చాయా?” అని అడగండి. అప్పుడు కథ బయటికి వస్తుంది.

రాయగడ దుకాణం ఒడిశాలో ఉంది. పార్వతీపురం వైపు కొట్లకు సరుకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, దానికి ఐజీఎస్టీ వేయాలి. గుణుపురం కొట్టుకు పంపితే ఒకే రాష్ట్రం, అప్పుడు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. టాలీలో కొత్త ఖాతాదారు లెడ్జర్ తెరిచేటప్పుడు రాష్ట్రం దగ్గర ఆంధ్రకు బదులు ఒడిశా పడిపోతే, ఆ తర్వాత ఆ కొట్టుకు వెళ్లే ప్రతి బిల్లులోనూ పన్ను తప్పుగా పడుతుంది. మొత్తం సొమ్ము ఒకటే కాబట్టి బిల్లు చూసినవారికి పట్టదు. నెలాఖరున రిటర్ను వేసే సమయంలోనో, అవతలి కొట్టువారి ఆడిటరు ఫోను చేసినప్పుడో బయటపడుతుంది. అప్పుడు క్రెడిట్ నోటు ఇచ్చి కొత్త బిల్లు చేయాలి. ఈలోగా వారు డబ్బు ఆపేస్తారు.

ఈ అమ్మాయి ఏమి చేసిందంటే, జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి కదా, ఒడిశాకు 21, ఆంధ్రకు 37, ఆ రెండు అంకెలను లెడ్జర్‌లో ఉన్న రాష్ట్రంతో ఒక్కొక్కటిగా సరిపోల్చింది. తేడా ఉన్నవి దిద్దింది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ముందుగా ఆ రెండు అంకెలు చూడాలని చీటీ రాసి బిల్లింగ్ బల్లకు అంటించింది. ఆ తర్వాత ఆ కారణంతో బిల్లులు తిరిగి రావడం ఆగింది.

రెజ్యూమేలో ఇది “జీఎస్టీ తెలుసు” అన్న రెండు మాటల కింద కప్పబడి ఉంది. విశాఖ సంస్థ సరుకు 37 నుంచి 21కి వెళుతుంది, అంటే ఇదే చిక్కు వారికి అటువైపు నుంచి ఉంటుంది. అక్కడ బిల్లింగ్ చూసే పెద్దమనిషికి ఈ సంఘటన ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. లెక్క గుర్తు లేకపోతే అంకె రాయకండి. “తప్పులు 80 శాతం తగ్గించాను” అని రాస్తే, ఎలా కొలిచారని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు. “ఆ కారణంతో బిల్లులు తిరిగి రావడం ఆగింది” అన్న వాక్యానికి అంకె అక్కర్లేదు, అనుమానమూ రాదు. ఇక ఇప్పుడు పనిచేస్తున్న దుకాణం ఖాతాదారుల పేర్లు, టర్నోవరు, ధరలు మెయిల్లో రాయకూడదు. వేరొకరి గుట్టు ఇక్కడ బయటపెట్టినవారు రేపు మన గుట్టూ బయటపెడతారని అవతలివారు అనుకుంటారు. యజమాని మీద చాడీ కూడా వద్దు. “ఇక్కడ ఎవరికీ లెక్కలు రావు, నేనే అన్నీ సరిచేశాను” అన్న ధోరణి వాక్యంలో తొంగిచూసినా తీసేయండి.

ఉద్యోగ అనుభవం లేనివారికి ప్రత్యామ్నాయం ఉంది. ఇంట్లో కొట్టు ఉంటే అక్కడి బాకీల పుస్తకం మీరు ఎలా చూశారో రాయవచ్చు. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి సరుకులు కొని లెక్క అప్పజెప్పి ఉంటే అదీ సరిపోతుంది. స్వయం సహాయక సంఘంలో అమ్మకు పాస్‌బుక్కులు రాసి పెట్టినవారు ఎంతోమంది ఉన్నారు. దాన్ని పనిగా లెక్కపెట్టుకోకపోవడం వల్లే వారికి రాయడానికి ఏమీ దొరకదు. చదువులోని ప్రాజెక్టు గురించి రాస్తే, గైడ్ ఇచ్చిన అంశం పేరు కాకుండా అందులో మీ చేతి మీదుగా జరిగిన ఒక పని చెప్పండి.

4. భాష, ఊరు, తేదీ: ముక్కుసూటిగా

సరిహద్దు జిల్లాల వారికి భాష పెద్ద ఆస్తి. కానీ “తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిష్” అన్న వరుసలో అది కనబడదు. ఏ భాషతో ఏ పని చేస్తారో చెప్పాలి. మన అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం నెమ్మది. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం మూడూ బాగా వచ్చు. కొట్లవాళ్లు ఒడియాలో రాసి వాట్సాప్‌లో పంపే ఆర్డరు చీటీలు చూసి రోజూ బిల్లులు చేస్తుంది. ఈ ఉద్యోగానికి ఇంతకంటే సూటిగా పనికొచ్చే సంగతి ఇంకొకటి లేదు. మరి ఆమె పాత మెయిల్లో ఇది ఎక్కడా లేదు!

తెలుగు రాయడం అంతగా రాకపోతే దాచకండి. మాట్లాడడం వచ్చు, చదవడం నెమ్మది అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. విశాఖలో పని మొదలయ్యాక మొదటి వారంలో అది బయటపడక మానదు. జయపురం, కోరాపుట్ వైపువారికి దేశియా వస్తే, డీలర్లతో మాట్లాడే ఉద్యోగమైతే అది కూడా రాయండి. కంప్యూటర్ ముందే కూర్చునే పనికి అది అక్కర్లేదు.

ఊరి సంగతికి ఒక వాక్యం చాలు. “విశాఖకు మారడానికి సిద్ధంగా ఉన్నాను” అంటే ఎవరికీ నమ్మకం కలగదు, అందరూ అదే రాస్తారు కనుక. బస ఏర్పాటు నిజంగా ఉంటే అది చెప్పండి: “విశాఖలో పిన్నిగారి ఇంట్లో ఉంటాను.” లేకపోతే, “చేరే వారంలోపు హాస్టల్ చూసుకుంటాను, ఇంటర్వ్యూకు ఏ రోజు రమ్మన్నా ముందురోజు చెబితే రాగలను” అనండి. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖకు నేరుగా రైలు ఉందని మనకు తెలిసినంతగా వారికి తెలియకపోవచ్చు.

తేదీ కూడా ఖచ్చితంగా ఉండాలి. ఇప్పటి దుకాణంలో నెల రోజుల ముందు చెప్పాలంటే అదే రాయండి. “వెంటనే చేరతాను” అని రాసి, తర్వాత నెల అడిగితే మొదటి మాటే తప్పినట్టవుతుంది. జీతం వారు అడిగితేనే రాయండి. ఇంటి ఇబ్బందులు, నాన్నగారి అనారోగ్యం, పెళ్లి ఖర్చులు మెయిల్లో వద్దు. జాలితో ఫోను చేసేవారు ఉండరని అనను, కానీ ఆ ఫోను ఈ పని గురించి కాకుండా పోతుంది.

5. కూర్చండి

వరుస ఇలా పెట్టండి. మొదట ఉద్యోగం పేరుతో పాటు, వారి అవసరానికి సూటిగా తగిలే సంగతి. తర్వాత సంఘటన. ఆ తర్వాత ఊరు, తేదీ. చివర మీ ఫోను నంబరు. ఇంగ్లిష్‌లో 120 నుంచి 170 పదాలు. ఫోనులో ఒకసారి వేలితో జరిపితే అయిపోవాలి.

తిరగరాసిన మెయిల్ ఇదిగో. పంపేటప్పుడు ఇంగ్లిష్‌లో పంపుతారు, ఇక్కడ సంగతి తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను.

విషయం: బిల్లింగ్, డిస్పాచ్ సహాయకుల ఉద్యోగం – ఒడియా, టాలీ – రాయగడ

“నమస్కారం. మీ బిల్లింగ్, డిస్పాచ్ సహాయకుల ఉద్యోగానికి దరఖాస్తు పంపుతున్నాను. మీ ప్రకటనలో దక్షిణ ఒడిశా డీలర్లతో మాట్లాడాలని ఉంది. ప్రస్తుతం రాయగడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో రోజూ నేను చేసేది అదే. కొట్లవారు ఒడియాలో రాసి పంపే ఆర్డర్లు చదివి, ఫోనులో ఖరారు చేసుకుని టాలీలో బిల్లు చేస్తాను.

మా దుకాణం నుంచి ఆంధ్రకు వెళ్లే కొన్ని బిల్లులలో ఐజీఎస్టీకి బదులు రాష్ట్ర పన్ను పడి, అవి తిరిగి వస్తుండేవి. లెడ్జర్‌లో రాష్ట్రం తప్పుగా ఉండడమే కారణమని గమనించి, ప్రతి ఖాతాదారు జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలతో సరిపోల్చి దిద్దాను. కొత్త ఖాతాలకు అదే తనిఖీ పెట్టాం. ఆ కారణంతో బిల్లులు తిరిగి రావడం ఆగింది. మీ దగ్గర నుంచి ఒడిశాకు వెళ్లే బిల్లులకూ ఈ జాగ్రత్త పనికొస్తుందని అనుకుంటున్నాను.

తెలుగు బాగా మాట్లాడతాను, చదవడం కొంచెం నెమ్మది. విశాఖలో బంధువుల ఇంట్లో ఉంటాను. ఇక్కడ ఒక నెల ముందు చెప్పి చేరగలను. ఇంటర్వ్యూకు ముందురోజు తెలియజేస్తే వస్తాను. రెజ్యూమే జతచేశాను.

(పేరు, ఫోను నంబరు)”

ఇందులో డిగ్రీ మాట లేదు, ఎక్సెల్ మాట లేదు. అవి రెజ్యూమేలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. “పనికొస్తుందని అనుకుంటున్నాను” అన్న వాక్యాన్ని గమనించండి. వారి పద్ధతి ఎలా ఉందో ఆమెకు తెలియదు. “మీ బిల్లుల్లో తప్పులు నేను సరిచేస్తాను” అంటే అది పొగరు.

విషయం వరుసను చాలామంది “రెజ్యూమే” అన్న ఒక్క మాటతో వదిలేస్తారు, కొందరైతే ఖాళీగానే పంపిస్తారు. ఉద్యోగం పేరు తప్పక ఉండాలి. ప్రకటనలో ఫలానా కోడ్ రాయండని చెబితే పైన నేను చెప్పినదంతా పక్కన పెట్టి వారు చెప్పినట్టే రాయండి.

6. ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు

ముందు మీకు వచ్చిన భాషలో సంగతి రాసుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాలుగా ఇంగ్లిష్‌లో పెట్టండి. ఒక వాక్యంలో ఒక పని. ప్రభుత్వ అర్జీలో వాడే “పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా” తరహా మొదలు ఇంగ్లిష్‌లోనూ ఉంది, జిరాక్స్ షాపు మెయిళ్లన్నీ దానితోనే మొదలవుతాయి. దాన్ని వదిలేయండి. మీరు ఇంటర్వ్యూలో పలకలేని మాట మెయిల్లో వాడవద్దు. మెయిల్ ఒక స్థాయిలో ఉండి మాట ఇంకో స్థాయిలో ఉంటే, వేరొకరు రాసిపెట్టారని రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చిన్న వ్యాకరణ తప్పు వల్ల ఇలాంటి ఉద్యోగం పోదనే నా అభిప్రాయం. సంస్థ పేరు తప్పు రాస్తే మాత్రం పోవచ్చు.

7. పంపే ముందు సరిచూసుకోవడం

మళ్లీ ఎర్ర పెన్ను తీయండి. మొదటి మెట్టులోని కొట్టివేత కొత్త మెయిల్‌కూ చేయండి. ఈసారి ఒకటి రెండు వాక్యాలు మాత్రమే పోవాలి. సగం పోతే సంఘటన ఇంకా సరిగ్గా బయటికి రాలేదన్నమాట, మూడో మెట్టుకు వెళ్లండి.

తర్వాత సంస్థ పేరును, ప్రకటనను మార్చి ఊహించండి. ఇదే మెయిల్ ఒక ఆసుపత్రి రిసెప్షన్ ఉద్యోగానికి కూడా పంపవచ్చు అనిపిస్తే, అది ఏ ఉద్యోగానికీ రాసినది కాదు. మన ఉదాహరణ మెయిల్‌ను ఆసుపత్రికి పంపలేరు, హాయిగా నవ్వుతారు.

మూడో పరీక్ష మనిషితో. మెయిల్‌ను అరనిమిషం చూపించి ఫోను వెనక్కి తీసుకోండి. “ఏమి గుర్తుంది?” అని అడగండి. “ఒడియా ఆర్డర్లు, పన్ను తప్పు దిద్దింది, నెలలో వస్తుంది” అంటే సరిపోయింది. “మంచి అమ్మాయిలా ఉంది” అంటే ఇంకా పని ఉంది.

ఇక యంత్రం వైపు. మెయిల్‌ను ముందు మీ చిరునామాకే పంపుకుని ఫోనులో తెరవండి. వర్డ్ నుంచి తెచ్చి అతికించిన మెయిల్లో అక్షరాలు ఒక చోట పెద్దగా, ఒక చోట చిన్నగా వస్తాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ వాడుతుంటే `Ctrl+Shift+V` తో అతికిస్తే ఆ తేడా పోతుంది. జతచేసిన ఫైలు పీడీఎఫ్‌గా ఉందో లేదో, తెరుచుకుంటుందో లేదో చూడండి. దాని పేరు `final_new2.pdf` లాంటిదైతే మార్చి, మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. స్వీకర్త చిరునామాను అన్నీ అయ్యాక చివర్లో రాయండి, అప్పుడు పొరపాటున సగం మెయిల్ వెళ్లదు. జీమెయిల్ సెట్టింగ్‌లలో `Undo Send` అనే చోట గడువును 30 సెకన్లకు పెంచుకుంటే, పంపాక గుర్తొచ్చిన తప్పును ఆపుకోవడానికి ఆ కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో రాసేవారికి వచ్చే ప్రమాదం, అంతకుముందు కూర్చున్న మనిషి సంస్థ పేరు మెయిల్లో మిగిలిపోవడం. ఇంకొకటి, షాపువారి సొంత మెయిల్ నుంచి పంపించడం. జవాబు వస్తే అది మీకు చేరదు. మీ చిరునామాతోనే లాగిన్ అవ్వండి, లేచేముందు లాగవుట్ అవ్వండి.

ఒకే మెయిల్‌ను పది సంస్థల చిరునామాలు పెట్టి ఒకేసారి పంపడం మరో తప్పు. ఎవరెవరికి వెళ్లిందో అందరికీ కనిపిస్తుంది. సంఘటన ఉన్న భాగాన్ని మార్చకుండా ఉంచి, మొదటి భాగాన్ని ఒక్కో ప్రకటనకూ తిరగరాస్తే ఒక్కో మెయిల్‌కు పావుగంట పడుతుంది, అంతే.

మెయిల్ ఖాళీగా ఉంచి రెజ్యూమే మాత్రం పంపేవారూ ఉన్నారు. దానికంటే మూడు వాక్యాల మెయిల్ ఎంతో నయం. సమయం అసలు లేకపోతే, ఉద్యోగం పేరు, వారి అవసరానికి తగిలే ఒక్క సంగతి, చేరగల తేదీ రాసి పంపండి.

ఉద్యోగాల వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టేటప్పుడు కవరింగ్ లెటర్ కోసం ఇచ్చే పెట్టెలో అక్షరాలకు పరిమితి ఉండవచ్చు. అప్పుడు సంఘటన భాగాన్ని ఉంచి పలకరింపు తీసేయండి. చాలకపోతే ఊరి సంగతి తీసేయండి, ఎందుకంటే అక్కడ చిరునామా, నోటీసు వ్యవధి విడిగా అడుగుతారు.

వారం దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లై నొక్కి రెండు వాక్యాలు రాయండి: దరఖాస్తు అందిందా, ఇంకేమైనా పత్రం పంపాలా. కొత్త మెయిల్ తెరవద్దు, పాతది కింద కనిపించాలి. ఫోను వస్తే మొదటి ప్రశ్న ఎక్కువగా ఆ సంఘటన మీదే ఉంటుంది. మన అమ్మాయిని “లెడ్జర్‌లో రాష్ట్రం ఎక్కడ మారుస్తారు?” అని అడగవచ్చు. టాలీ తెరిచి ఆ మెట్లు ముందురోజే ఒకసారి చేసి చూసుకోవాలి.